నాలుగు లక్షణాలు బట్టీ పట్టిస్తే సరిపోతుందా? రాజనీతి శాస్త్ర పాఠ్యప్రణాళిక కమిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిటీ సభ్యులకు నమస్కారం.

డిగ్రీ రాజనీతి శాస్త్రంలో అధికార పంపిణీ పాఠాన్ని మార్చమని కోరుతూ పోయిన ఏడాది మీకు వినతిపత్రం ఇచ్చాను. తీసుకున్నట్టు రసీదు ఇచ్చారు, జవాబు మాత్రం రాలేదు. తర్వాత ఒక సభ్యుడిని కలిస్తే, "అది చిన్న యూనిట్ కదండీ, రెండు మార్కుల ప్రశ్నే కదా" అన్నారు. పెద్దలు చెప్పిన మాట కాబట్టి అక్కడ ఎదురు చెప్పలేదు. ఆ మాట ఎందుకు ఒప్పుకోలేకపోతున్నానో ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను. హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఈ పాఠం చెప్పే లెక్చరర్‌ని నేను. ఇందులో నాకు సొంత లాభం ఏమీ లేదు.

1. ఇప్పుడు మనం చెప్తున్నది ఇదీ. మతం, భాష, జాతి పేరుతో నిలువునా చీలిన సమాజంలో మెజారిటీ పాలన పెడితే మైనారిటీ వర్గం ఎప్పటికీ ప్రతిపక్షంలోనే మిగిలిపోతుంది. కాబట్టి అధికారాన్ని వర్గాల మధ్య పంచాలని డచ్ పండితుడు అరెండ్ లైఫార్ట్ 1960లలో చెప్పారు. దానికి కన్సోషియేషనల్ డెమోక్రసీ అని పేరు. అన్ని వర్గాల నాయకులూ కలిసి ప్రభుత్వం నడిపే మహా కూటమి, ఎవరి వ్యవహారాలు వాళ్లు చూసుకునే స్వయంపాలన, పదవుల్లో ఉద్యోగాల్లో జనాభా దామాషా, ప్రాణప్రదమైన విషయాల్లో ప్రతి వర్గానికీ వీటో. ఇవీ ఆ నాలుగు లక్షణాలు. ఉదాహరణ అడిగితే పిల్లలు బెల్జియం అని రాస్తారు, మార్కులు పడతాయి. అదే బెల్జియంలో 2010 ఎన్నికల తర్వాత పూర్తిస్థాయి ప్రభుత్వం ఏర్పడటానికి 541 రోజులు పట్టిందన్న సంగతి గైడ్లలో ఎక్కడా కనపడదు.

లక్షణాలు తప్పని నేను అనడం లేదు. లక్షణం పేరు చెప్పడంతో పాఠం ఆగిపోతోందనే నా బాధ. అధికారం పంచుకున్న ఇద్దరిలో ఒకరు మాట తప్పితే రెండోవాళ్ల చేతిలో ఏముంటుంది? ఒకరు అలిగి బండి ఆపేస్తే మామూలు జనం గతేంటి? పాఠమంతా ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది. మొదటిదానికి మన హైదరాబాద్ చరిత్రే జవాబు చెప్తుంది. రెండోదానికి ఉత్తర ఐర్లాండ్ చెప్తుంది. ముందు ఉత్తర ఐర్లాండ్ సంగతి చూద్దాం. లైఫార్ట్ చెప్పినవన్నీ కాగితం మీద దాదాపు పూర్తిగా రాసుకున్న చోటు అది.

2. 1921 నుంచి 1972 దాకా ఉత్తర ఐర్లాండ్‌ను యూనియనిస్టులు, అంటే బ్రిటన్‌తోనే ఉండాలనుకునే వర్గం, ఒంటిచేత్తో పాలించారు. వాళ్లలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. ఐర్లాండ్‌లో కలవాలనుకునే నేషనలిస్టులు ఎక్కువగా కాథలిక్కులు. వాళ్లకు ఆ యాభై ఏళ్లలో గెలిచే అవకాశమే లేదు. 1960ల చివర మొదలైన హింస ముప్పై ఏళ్లలో 3,500 మందికి పైగా ప్రాణాలు తీసింది. 1974లో ఇద్దరినీ కలిపి ఒక ప్రభుత్వం పెడితే, యూనియనిస్టు కార్మికుల సమ్మె దెబ్బకు అది అయిదు నెలల్లో కూలిపోయింది. చివరకు రెండు వర్గాలూ అధికారం పంచుకునేలా 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది.

ఈ ఒప్పందంలో మంత్రి పదవులు పంచే పద్ధతి మా పిల్లలకు బోర్డు మీద లెక్క వేసి చూపిస్తే అరగంటలో అర్థమవుతుంది. 2022 అసెంబ్లీ ఎన్నికల్లో మొత్తం 90 సీట్లలో సిన్ ఫెయిన్‌కు 27, డీయూపీకి 25, అలయెన్స్‌కు 17, అల్‌స్టర్ యూనియనిస్టులకు 9, ఎస్‌డీఎల్‌పీకి 8 వచ్చాయి. వీటిలో సిన్ ఫెయిన్, ఎస్‌డీఎల్‌పీ నేషనలిస్టు పార్టీలు, డీయూపీ, అల్‌స్టర్ యూనియనిస్టులు యూనియనిస్టు పార్టీలు, అలయెన్స్ ఏ వర్గంలోనూ చేరనిది. ప్రతి పార్టీ సీట్లనూ ముందు 1తో భాగిస్తారు. ఎక్కువ ఉన్నవాళ్లు తమకు నచ్చిన శాఖ తీసుకుంటారు. ఒక శాఖ తీసుకున్న పార్టీ సీట్లను 2తో, రెండు తీసుకుంటే 3తో భాగించి మళ్లీ చూస్తారు. అలా 27, 25 అయ్యాక మళ్లీ సిన్ ఫెయిన్ 13.5తో, డీయూపీ 12.5తో ముందుకొస్తాయి. తర్వాతి రెండు శాఖలకు అల్‌స్టర్ యూనియనిస్టులూ, మూడోసారి సిన్ ఫెయినూ 9 దగ్గర సమానంగా నిలుస్తాయి. న్యాయశాఖ ముందే దక్కిన అలయెన్స్ సీట్లను 2తో భాగిస్తే 8.5, చివరి శాఖ దానిది. ఏడు శాఖలు అక్కడితో అయిపోయాయి. 8 సీట్ల ఎస్‌డీఎల్‌పీకి ఏమీ మిగల్లేదు, అది ప్రతిపక్షంలో కూర్చుంది. న్యాయశాఖ ఒక్కదాన్ని ఈ లెక్కతో పంచరు. పోలీసు, కోర్టుల వ్యవహారం కాబట్టి దాని మంత్రిని రెండు వర్గాల ఆమోదంతో సభ ఎన్నుకుంటుంది. ఈసారి అది అలయెన్స్‌కు వెళ్లింది.

ఈ పద్ధతికి డాంట్ అని పేరు. దీని గొప్పతనం ఏమిటంటే బేరాలు అక్కర్లేదు. "మీతో కలిసి ప్రభుత్వంలో కూర్చోం" అని ఒకరినొకరు తిట్టుకునే పార్టీలు కూడా ఎవరి అనుమతీ లేకుండా తమ శాఖ తాము తీసుకోవచ్చు. మహా కూటమి అనగానే మన పిల్లలు నాయకులంతా కావలించుకుని ఫొటో దిగడం ఊహించుకుంటున్నారు. నిజానికి అది కావలింతలు అవసరం లేకుండా నడిచేలా కట్టిన యంత్రం.

3. యంత్రం ఆగేది వీటో దగ్గర. మామూలు జనం మీద ఎక్కువ బరువు పడేదీ అక్కడే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఉత్తర ఐర్లాండ్ అసెంబ్లీలో ప్రతి సభ్యుడూ సభలో చేరేటప్పుడు తాను యూనియనిస్టునో, నేషనలిస్టునో, ఇతరులనో రాసి సంతకం పెట్టాలి. బడ్జెట్ లాంటి కీలక నిర్ణయాలకు మొత్తం మెజారిటీ ఒక్కటే చాలదు. రెండు వర్గాల్లోనూ విడివిడిగా మెజారిటీ రావాలి, లేదా మొత్తం మీద 60 శాతం, ప్రతి వర్గంలో కనీసం 40 శాతం మద్దతు ఉండాలి. వేరే ఏ విషయాన్నయినా ఇదే పరీక్షకు పెట్టమని 30 మంది సభ్యులు సంతకం చేసి అడగవచ్చు. దాని పేరు పిటిషన్ ఆఫ్ కన్సర్న్. అంతకుముందు యాభై ఏళ్లలాంటి ఏకపక్ష పాలన మళ్లీ రాకుండా కాపలాగా పెట్టిన ఏర్పాటు అది.

2011 నుంచి 2017 దాకా డీయూపీకి ఒక్కదానికే 38 మంది సభ్యులున్నారు. అంటే ఇంకెవరి సంతకమూ అక్కర్లేకుండానే దేన్నయినా ఆపగలదు. 2015 నవంబర్‌లో స్వలింగ వివాహాలకు అనుకూలంగా తీర్మానం వచ్చింది. అనుకూలం 53, వ్యతిరేకం 51. గెలిచినా ఓడిపోయింది, కారణం డీయూపీ పిటిషన్. పెళ్లి చట్టానికీ, యూనియనిస్టు వర్గం ఉనికికీ సంబంధం ఏమిటని అడిగేవాళ్లకు నిబంధనల్లో జవాబు లేదు. ప్రాణప్రదమైన విషయం ఏదో తేల్చే అధికారం పిటిషన్ పెట్టేవాళ్లదే మరి. ఇదంతా ఒక్క వర్గం తప్పే అనుకోకండి. అదే ఏడాది మే నెలలో సంక్షేమ పథకాల్లో మార్పుల బిల్లును సిన్ ఫెయిన్, ఎస్‌డీఎల్‌పీ, గ్రీన్ సభ్యులు ఇదే పిటిషన్‌తో ఆపారు. సంక్షేమ పథకాలకు కాథలిక్, ప్రొటెస్టెంట్ తేడా ఏముంటుంది?

ఇది చిన్న వీటో. పెద్దది ఇంకొకటి ఉంది. ఫస్ట్ మినిస్టర్, డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ ఇద్దరికీ అధికారం సమానం. పేరులో డిప్యూటీ ఉంది గానీ మన ఉప ముఖ్యమంత్రిలాంటి పదవి కాదు అది. ఇద్దరూ చెరో వర్గం నుంచి వస్తారు. ఒకరు రాజీనామా చేస్తే రెండోవారి పదవీ పోతుంది. 2017 జనవరిలో ఒక ఇంధన సబ్సిడీ పథకంలో ప్రభుత్వ డబ్బు వృథా అయిందన్న గొడవ మీద సిన్ ఫెయిన్ నాయకుడు మార్టిన్ మెక్‌గిన్నెస్ రాజీనామా చేశారు. మూడేళ్ల పాటు, 2020 జనవరి దాకా, ప్రభుత్వం లేదు. 2022 ఫిబ్రవరిలో బ్రెగ్జిట్ తర్వాతి వాణిజ్య నిబంధనలు నచ్చలేదని డీయూపీ ఫస్ట్ మినిస్టర్ రాజీనామా చేశారు. మళ్లీ 2024 ఫిబ్రవరి దాకా పూర్తిస్థాయి ప్రభుత్వం లేదు. ఈ రెండోసారి 2022 మే ఎన్నికల తర్వాత సభ పని మొదలుపెట్టలేకపోయింది కూడా. స్పీకర్ ఎన్నికకే రెండు వర్గాల ఆమోదం కావాలి, అదీ డీయూపీ ఇవ్వలేదు.

ఆ ఏళ్లలో జనానికి ఏమయిందో మన పాఠాల్లో ఒక్క వాక్యం లేదు. మంత్రి లేడు కాబట్టి శాఖలను కార్యదర్శులు నడిపారు. ఒక పెద్ద చెత్త దహన కేంద్రానికి ఓ శాఖ కార్యదర్శి అనుమతి ఇస్తే, ఇంత పెద్ద నిర్ణయం మంత్రి లేకుండా తీసుకునే అధికారం మీకు లేదని 2018లో హైకోర్టు కొట్టేసింది, అప్పీలు కోర్టూ అదే మాట చెప్పింది. దాంతో ఏ అధికారీ పెద్ద కాగితం మీద సంతకం పెట్టడానికి ముందుకు రాలేదు. ఇంగ్లండ్ నర్సులతో సమానంగా జీతం ఇవ్వమని అక్కడి నర్సులు అడిగితే తేల్చడానికి మంత్రి లేడు. 2019 డిసెంబర్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ తన 103 ఏళ్ల చరిత్రలో మొదటిసారి సమ్మెకు దిగింది. సభ తెరిచాకే ఆ వివాదం తీరింది. 2024 జనవరిలో టీచర్లు, నర్సులు, బస్సు సిబ్బంది లక్షమందికి పైగా ఒకేరోజు సమ్మె చేశారు. 330 కోట్ల పౌండ్ల ప్యాకేజీ సిద్ధంగా ఉందని, అయితే ప్రభుత్వం ఏర్పడితేనే ఇస్తామని లండన్ చెప్పింది. సభ్యుల జీతంలో 27.5 శాతం కోత పెట్టారు. ఆ కోతతో సభ తెరుచుకోలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో విడ్డూరం. 53 మంది ఓట్లు వేసినా రాని వివాహ చట్టం, సభ మూతపడి ఉన్నప్పుడు లండన్ పార్లమెంటు చేతుల మీదుగా వచ్చేసింది. 2020 జనవరి నుంచి అమల్లో ఉంది. వీటో వాడుకున్నవాళ్లకు ఆ వీటో పనిచేసే ఇల్లే లేకుండా పోయింది.

4. ఏ వర్గంలోనూ చేరని మనుషుల సంగతి. అలయెన్స్ పార్టీ సభ్యులు తమను ఇతరులుగా రాసుకుంటారు. రెండు వర్గాల ఆమోదం లెక్కపెట్టేటప్పుడు వాళ్ల ఓటు ఏ వర్గం మెజారిటీలోకీ రాదు. 2001 నవంబర్‌లో డేవిడ్ ట్రింబుల్‌ను ఫస్ట్ మినిస్టర్‌గా ఎన్నుకోవడానికి సభలో మొత్తం మెజారిటీ ఉంది, యూనియనిస్టుల్లో మాత్రం తగ్గింది. నాలుగు రోజుల తర్వాత ముగ్గురు అలయెన్స్ సభ్యులు తాము యూనియనిస్టులమని రిజిస్టర్‌లో మార్చి రాసుకున్నారు. ఆయన గెలిచారు. రాజకీయం కోసం ఒక పూటకు తమ గుర్తింపు మార్చుకోవాల్సి వచ్చింది!

బోస్నియాలో ఇది ఇంకా కఠినం. అక్కడ ముగ్గురు సభ్యుల అధ్యక్ష మండలిలో బోస్నియాక్, క్రొయేట్, సెర్బ్ ఒక్కొక్కరు ఉంటారు. రోమా వ్యక్తి ఒకరు, యూదుడు ఒకరు మాకు పోటీ చేసే హక్కు కూడా లేదా అని కోర్టుకెళ్లారు. ఇది వివక్షేనని 2009 డిసెంబర్‌లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ రాజ్యాంగాన్ని సరిచేయాలంటే ఆ మూడు వర్గాలే ఒప్పుకోవాలి. పదిహేనేళ్లు దాటినా తీర్పు అమలు కాకపోవడానికి అదే కారణం. వర్గాల పేర్లు రాజ్యాంగంలోనే చెక్కేయవద్దు, ఎన్నికల్లో ఎవరు వర్గంగా నిలబడితే వాళ్లకే వాటా వచ్చేలా చూడాలని జాన్ మెక్‌గారీ, బ్రెండన్ ఓలియరీ లాంటి వాళ్లు ఈ సిద్ధాంతంలోనే ఉండి వాదించారు. పైన చెప్పిన డాంట్ లెక్కలో ఏ వర్గం పేరూ లేదు, గమనించండి. పేరు వచ్చింది వీటోలో. ఒకే ఒప్పందంలో రెండు రకాలూ ఉన్నాయి, వాటి ఫలితాలు వేరు.

5. ఇక మనింటి సంగతికి వద్దాం. ఈ పాఠంలో 1956 పెద్దమనుషుల ఒప్పందం ఎందుకు లేదో నాకు అర్థం కాదు. తెలంగాణ ఉద్యమ చరిత్ర పేపర్‌లో అది ఉంది, అక్కడ తేదీ, సంతకాలు అడుగుతారు. అధికార పంపిణీ పాఠంలో లేదు. ఆంధ్ర, తెలంగాణ మధ్య చీలిక ఉత్తర ఐర్లాండ్ లాంటిది కాదని నాకూ తెలుసు. భాష ఒకటే, పెళ్లిళ్లున్నాయి, పార్టీలు కూడా రెండు వైపులా అవే. అయినా ఆ ఒప్పందంలో వాడిన పనిముట్లు లైఫార్ట్ చెప్పినవే, ఆయన సిద్ధాంతం రాయకముందే.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీ హైదరాబాద్ హౌస్‌లో రెండు ప్రాంతాల నాయకులు కూర్చున్నారు. ఆంధ్ర వైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి తదితరులు, తెలంగాణ వైపు బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. మంత్రివర్గంలో 60:40 నిష్పత్తి, తెలంగాణ వాటాలో ఒక ముస్లిం మంత్రి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి వస్తే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి. స్థానికులకు ఉద్యోగాల్లో రక్షణ, తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు, వ్యవసాయ భూముల అమ్మకాల మీద ప్రాంతీయ మండలి పర్యవేక్షణ. మహా కూటమి ఉంది, దామాషా ఉంది, స్వయంపాలన ఉంది. మరి నాలుగోది?

అదే లేదు. ప్రాంతీయ మండలికీ ప్రభుత్వానికీ తేడా వస్తే కేంద్రం తేల్చాలని ఒప్పందంలో రాసుకున్నారు. 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏర్పడిన తెలంగాణ ప్రాంతీయ సంఘంలో తెలంగాణ ఎమ్మెల్యేలంతా సభ్యులు. ప్రాథమిక విద్య, ప్రజారోగ్యం, భూముల అమ్మకం లాంటి అంశాల బిల్లులు దాని ముందుకు వెళ్లేవి. అసెంబ్లీ ఒప్పుకోకపోతే గవర్నర్ మాటే చివరిమాట. సంఘం వద్దంటే పని ఆగాలన్న నియమం ఎక్కడా లేదు.

ఏమయిందో చూడండి. 1956 నవంబర్ 1న సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, తెలంగాణకు ఉప ముఖ్యమంత్రి పదవి ఇవ్వలేదు. ఆ పదవి చేతికి ఆరో వేలు లాంటిదని ఆయన అన్నట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు. రాష్ట్రం పుట్టిన రోజునే ఒక షరతు పోయింది, అడగడానికి కోర్టు లేదు, ఆపడానికి వీటో లేదు. మిగులు నిధుల లెక్క తేలడానికి 1969 రావాల్సి వచ్చింది. కుమార్ లలిత్ కమిటీ 34.10 కోట్లన్నది, జస్టిస్ భార్గవ కమిటీ 28.34 కోట్లన్నది. ఎంతన్నది పక్కన పెట్టండి, ఏటా లెక్క చూపాల్సిన డబ్బుకు పన్నెండేళ్లు లెక్కే లేదు. ఉద్యోగాల రక్షణ కోసం చేసిన 1957 చట్టంలోని సెక్షన్‌ను 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. రాజ్యాంగం ప్రకారం నివాస నియమం రాష్ట్రం మొత్తానికి పెట్టొచ్చు గానీ రాష్ట్రంలో ఒక భాగానికి పెట్టడానికి వీల్లేదని చెప్పింది. పెద్దమనుషులు ఇచ్చుకున్న మాటకు రాజ్యాంగంలో చోటు ఉందా లేదా అని ఎవరూ ముందే చూడలేదన్నమాట. ఆ లోటు పూడ్చడానికి 371-డి అధికరణం వచ్చింది, అయితే 1973 ఆరు సూత్రాల పథకం తర్వాత. ఆ పథకమే ప్రాంతీయ సంఘాన్ని రద్దు చేసింది కూడా.

ఈ లెక్కల వెనక మనుషులున్నారు. 1969లో ఉద్యోగాల కోసం రోడ్డెక్కి పోలీసు కాల్పుల్లో పోయిన విద్యార్థులున్నారు. మా క్లాసులో కూర్చునే పిల్లల తాతలు కొందరు ఆ ఊరేగింపుల్లో నడిచినవాళ్లే. వాళ్లకు ఈ పాఠం బెల్జియంతో చెప్పి పంపించేస్తున్నాం.

ఉత్తర ఐర్లాండ్‌లో వీటో గట్టిగా ఉంది, జనం ఆసుపత్రుల్లో ఎదురుచూశారు. మన దగ్గర వీటో అసలు లేదు, పెద్ద వర్గం మాట నిలబెట్టుకోకపోయినా ఏమీ కాలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వీటో మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం లేదని ఏ విద్యార్థికైనా తెలుస్తుంది. అది ఎవరికి, ఏ విషయాల మీద, ఎంతకాలం, తగువు వస్తే ఎవరు తేలుస్తారు అన్నవే అసలు ప్రశ్నలు. 2022లో బ్రిటిష్ పార్లమెంటు పిటిషన్ ఆఫ్ కన్సర్న్‌కు కనీసం రెండు పార్టీల సంతకాలుండాలని, 14 రోజుల ఆలోచన వ్యవధి ఉండాలని సవరించింది. ఎవరికి, ఎంతకాలం అన్న రెండు ప్రశ్నలకు అది జవాబు. ఏ విషయాల మీద అన్నది మాత్రం చాలావరకు అలాగే ఉండిపోయింది. రాజీనామాతో ప్రభుత్వాన్నే ఆపేసే పెద్ద వీటో కూడా చెక్కు చెదరలేదు.

6. విమర్శకుల పేర్లు మన సిలబస్‌లో ఒక లైనులో ఉన్నాయి, వాదన లేదు. ఆ వాదన తెలియకపోతే పై కథ సగమే అర్థమవుతుంది. వర్గాల వారీగా వాటాలు ఇస్తే నాయకుడు తన వర్గంలోనే ఓట్లు వెతుక్కుంటాడు, అవతలివాళ్ల ఓటు అతనికి అక్కర్లేదు, కాబట్టి ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లు గెలుస్తారని డొనాల్డ్ హొరోవిట్జ్ అన్నారు. అవతలి వర్గం ఓట్లు కూడా కావాల్సి వచ్చేలా ఎన్నికల పద్ధతి మార్చాలన్నది ఆయన మందు. 1998 ఒప్పందం చేసిన మధ్యేవాద పార్టీలు అల్‌స్టర్ యూనియనిస్టులు, ఎస్‌డీఎల్‌పీ. 2003 ఎన్నికల్లో డీయూపీ 30 సీట్లతో 27 తెచ్చుకున్న అల్‌స్టర్ యూనియనిస్టులను, సిన్ ఫెయిన్ 24తో 18 తెచ్చుకున్న ఎస్‌డీఎల్‌పీని దాటేశాయి. 2006లో సెయింట్ ఆండ్రూస్ ఒప్పందం ఫస్ట్ మినిస్టర్ పేరు చెప్పే హక్కు పెద్ద పార్టీకి ఇచ్చాక, "మాకు వేయకపోతే వాళ్లు మొదటి స్థానంలోకి వస్తారు" అని భయపెట్టడమే ప్రచారం అయిపోయింది. హొరోవిట్జ్ చెప్పినట్టే జరిగింది.

కాకపోతే ఆ అరిచిన పార్టీలే కలిసి ప్రభుత్వంలో కూర్చున్నాయి, తుపాకులు మళ్లీ ఆ స్థాయిలో పేలలేదు. లైఫార్ట్ పక్షాన గట్టి మాట ఇదే, విమర్శకులు దీన్ని తేలిగ్గా తీసుకుంటారని నాకు అనిపిస్తుంది. పాలన లేని అయిదేళ్లు, హింస ఉన్న ముప్పై ఏళ్లు, ఈ రెంటిలో ఏది కావాలని ఆ ఊరి మనిషిని అడిగితే ఏమంటాడో ఊహించవచ్చు. చీలిన సమాజాల్లో శాంతి కూటమి వల్ల వచ్చిందా, లేక కూటమి కట్టగలిగినంత శాంతి ముందే ఉందా అని బ్రయన్ బారీ 1970ల్లోనే అడిగారు. ఇది కూడా పరీక్షలో అడగదగ్గ ప్రశ్న.

మన దేశం మాటకొస్తే, భారత ప్రజాస్వామ్యం నిలబడటానికి కారణం మనకు తెలియకుండానే మనం ఈ పద్ధతి పాటించడమేనని లైఫార్ట్ 1996లో వాదించారు. భాషా రాష్ట్రాలను స్వయంపాలనకు ఉదాహరణగా చూపారు. అలాంటి భాషా రాష్ట్రాల్లో ముందు వరసలో నిలిచిన ఆంధ్రప్రదేశ్ 2014 జూన్ 2న రెండు తెలుగు రాష్ట్రాలుగా విడిపోయింది. వర్గం అంటే భాషే అని గీత గీసుకుంటే, ఆ గీత లోపల ఉన్న చీలిక కనపడదు. స్టీవెన్ విల్కిన్సన్ కూడా లైఫార్ట్ భారత వాదనను గట్టిగానే తప్పుపట్టారు. ఇంత చర్చకు కేంద్రమైన నగరంలో కూర్చుని మనం పిల్లలకు నాలుగు లక్షణాలు డిక్టేట్ చేస్తున్నాం.

ఇవన్నీ మనసులో పెట్టుకుని కమిటీని అడుగుతున్నవి ఇవి.

ఒకటి. "లక్షణాలు తెలపండి" అనే ప్రశ్న తీసేసి, ఒక ఒప్పందం ఇచ్చి అందులో వీటో ఎవరిది, ఏ విషయాల మీద, తగువు ఎవరు తేలుస్తారు అని రాయించే ప్రశ్న పెట్టండి. దిద్దడం కష్టమవుతుందన్న టెన్షన్ ఉంటే, దిద్దే విధానం తయారు చేసే పనిలో మా లెక్చరర్లను పిలవండి, వస్తాం.

రెండు. 1956 ఒప్పందం, 1958 ప్రాంతీయ సంఘం ఉత్తర్వు, 1969 తీర్పు, 1973 ఆరు సూత్రాల పథకం ఈ యూనిట్‌లో చేర్చండి. ఉద్యమ చరిత్ర పేపర్‌లో ఉన్నాయి కదా అనకండి. అక్కడ అవి ఎవరు ఎవరికి అన్యాయం చేశారన్న కథగా వస్తాయి. ఇక్కడ ఏ నియమం లేకపోవడం వల్ల ఆ అన్యాయం సాధ్యమైందన్న పాఠంగా రావాలి. రెండు రాష్ట్రాల పిల్లలూ కోపం తెచ్చుకోకుండా చదువుకోగలిగేది ఈ రెండో పద్ధతే.

మూడు. ఉత్తర ఐర్లాండ్‌ను ఉదాహరణల జాబితాలో పేరుగా కాకుండా, మంత్రి పదవుల లెక్క దగ్గర నుంచి సభ మూతపడిన ఏళ్ల దాకా ఒక పూర్తి పాఠంగా పెట్టండి. బెల్జియం ఉంచాలనుకుంటే 541 రోజులతో సహా ఉంచండి.

నాలుగు. హొరోవిట్జ్, బారీ వాదనలను లైఫార్ట్ పక్కనే, సమానమైన చోటు ఇచ్చి పెట్టండి.

అయిదు. ఇవి ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో కారణాలతో రాతపూర్వకంగా చెప్పండి. వచ్చే విద్యా సంవత్సరం సిలబస్ ఖరారయ్యే ముందు, కమిటీ సమావేశంలో పదిహేను నిమిషాలు మాట్లాడే అవకాశం నాకు గానీ, ఈ సబ్జెక్ట్ చెప్పే మరొకరికి గానీ ఇవ్వండి. నా వినతిపత్రం రసీదు నా దగ్గరే ఉంది, నంబర్ అడిగితే పంపుతాను.

ఇట్లు,
రాజనీతి శాస్త్రం లెక్చరర్,
హైదరాబాద్